కోడలికిచ్చు నగ, దానితో ఒక చీటి



చెల్పూరులో మేమెరిగిన ఒక తల్లి తన చిన్న కుమారుని ప్రధానమునకు ముందు మా యొద్దకు వచ్చినది. "అయ్యగారూ, కోడలు పిల్లకు మా అమ్మ గుండ్లు పెడుతున్న. వాటితోని నాలుగు మాటలు రాసిన, జర చూడుండ్రి" అని ఒక కాగితము మా చేతికిచ్చినది. అందులో ఇవి మూడు తులాల గుండ్లనియు, మా యింటి బంగారమనియు, ఇంట్లోనే ఉండవలెననియు వ్రాసియున్నది.

"అమ్మా, వీటిని తూకము వేయించితివా?" అని అడిగితిమి. "మా అమ్మ మూడు తులాలనే చెప్పేది" అన్నది. తూకము వేయించి రమ్మని పంపితిమి. దారము తీసి తూచగా 31 గ్రాములు వచ్చినవి. ఆమె ముఖము చిన్నబోయినది. ఆమె తల్లి కాలములో తులమనగా 11.66 గ్రాములు, కాబట్టి మూడు తులములు సుమారు 35 గ్రాములు. నేడు అంగడిలో తులమని పిలుచునది 10 గ్రాములే. అయితే తక్కువైన నాలుగు గ్రాములు ఏమైనవి?

అప్పుడు ఆమె మెల్లగా చెప్పినది. మొదట గుండ్లు 24 ఉండెను. 1998లో మన వరంగల్ జిల్లా అంతట పత్తికి పురుగు తగిలిన సంవత్సరము, అప్పు తీర్చుటకు రెండు గుండ్లు అమ్మినారట. ఆ రెండును పోగా సుమారు 32 గ్రాములుండవలెను. మిగిలిన తేడా అరుగుదల. ఇంకొక సంగతి అవుసలాయన చెప్పెను. గుండ్ల లోపల లక్క ఉన్నది. విప్పి కరిగించనిదే అసలు బంగారమెంతో తేలదు.

ఈ లెక్క ఎందుకని కొందరనుకొందురు. రేపు ఏదో అవసరమునకు కోడలు వాటిని బ్యాంకుకు తీసికొనిపోవును. కాగితముమీద మూడు తులములు, త్రాసుమీద లక్కతో కలిపి 31 గ్రాములు. అత్త మోసము చేసెనా, భర్త తీసెనా అను అనుమానము ఆ దినమే పుట్టును. నిజము ముందే వ్రాసియుంటే ఆ అనుమానమునకు చోటుండదు.

ఆదికాండము 24వ అధ్యాయములో రిబ్కాకు ఇచ్చిన నగలను చూడుడి. ముక్కుకమ్మి అరతులమనియు, కడియములు పది తులములనియు తూకముతోనే వ్రాయబడినది. రిబ్కాకు ఇచ్చినవి వేరుగాను, ఆమె సహోదరునికిని తల్లికిని ఇచ్చినవి వేరుగాను చెప్పబడినవి. ఎవరిది ఏదో స్పష్టమే.

తరువాత "ఇంట్లోనే ఉండవలెను" అన్న మాట యొద్దకు వచ్చితిమి. "ఇది ఇచ్చుటయా, దాచిపెట్టుమని అప్పగించుటయా?" అని అడిగితిమి. ఆమె చాలసేపు మాటలాడలేదు. "నా అత్త నాకు కడియాలు పెట్టి, ఆడబిడ్డ పెండ్లికి మళ్ల తీసుకున్నది అయ్యగారూ. గా బాధ నాకెరికే" అని, ఆ మాటను తన చేతితోనే కొట్టివేసినది.

నగ ఇచ్చుటకు రిజిస్ట్రేషను అక్కరలేదు. ఇచ్చు మనస్సుతో చేతికి అప్పగించి, ఆమె పుచ్చుకొనిన చాలును. చీటి దానికి సాక్ష్యము మాత్రమే. అయితే 1985 నాటి నియమముల ప్రకారము పెండ్లికి వధువుకు వచ్చిన కానుకల పట్టీ ఒకటి వ్రాయవలెను. వస్తువేదో, సుమారు విలువ ఎంతో, ఇచ్చినవారెవరో, వారి వరుస ఏమిటో అందులో ఉండవలెను. వధూవరులిద్దరు సంతకము చేయవలెను. ఆ పట్టీ వధువు దగ్గరనే ఉండవలెను. ఈ గుండ్లను అందులోను చేర్చుమని చెప్పితిమి.

చివరకు ఆమె వ్రాసిన చీటి ఇది:

"బిడ్డా, ఇవి 22 గుండ్లు. దారం లేకుంట, లక్కతోని 31 గ్రాములు. మా అమ్మ నాకు పెట్టింది. మొదలు 24 ఉండె. 1998ల పత్తి పోయినప్పుడు రెండు అమ్మినం. అప్పు తీరింది గని ఆ రెండు మళ్ల కొనలేకపోయినం. నీకు తక్కువ చేసిన అనుకోకు. పెద్ద కోడలికి దాని పెండ్లికే గొలుసు పెట్టిన, ఆమెకు ఇండ్ల పాలు లేదు. పెండ్లి అయిన దినం నుంచి ఇవి నీయి. పెండ్లి జరగకపోతే మాత్రం తిరిగి ఇయ్యాలె. పెట్టుకున్నా, కుదువ పెట్టినా, నీ బిడ్డకు ఇచ్చినా నీ ఇష్టం. నన్ను అడుగవలసిన పని లేదు."

ప్రధానము దినమున పెద్దకోడలును ఆడబిడ్డయు వినుచుండగా ఆమె దానిని చదివించినది. చీటికి రెండు ప్రతులు చేసి తేది వేసిరి. ఒకటి గుండ్ల డబ్బాలో, మరియొకటి పిల్ల తల్లిగారింట ఉన్నవి. రెండు గుండ్లు అమ్మిన మాట చదివినప్పుడు ఆ పిల్ల లేచి వచ్చి అత్త ప్రక్కన కూర్చున్నది.

మీ ఇంటను కోడలి కొరకు దాచిన నగ ఉన్నయెడల, డబ్బా మూయకముందు దానిని తూచి, దాని కథ ఉన్నదున్నట్లు వ్రాయుడి.