ముందు సిమ్, తర్వాతే స్టేషన్

పేమెంట్ యాప్‌లున్న ఫోన్ నర్సీపట్నం ఆర్టీసీ కాంప్లెక్స్ రద్దీలో పోతే మొదట ఆపించాల్సింది సిమ్‌ను. ఫోన్‌కు లాక్ ఉన్నా, సిమ్ తీసి మరో ఫోన్‌లో వేస్తే ఓటీపీలు అక్కడికే వస్తాయి. డెబిట్ కార్డు కూడా అదే సంచీలో పోయి ఉంటే, యూపీఐ పిన్ మార్చే దారి ఆ రెండింటితోనే మొదలవుతుంది. అందుకే పక్కవారి ఫోన్ నుంచి టెలికాం కంపెనీకి, వెంటనే బ్యాంకుకు చెప్పి యూపీఐ, మొబైల్ బ్యాంకింగ్, కార్డు ఆపించాలి. ఫిర్యాదు నంబరు రాసుకోవాలి. డబ్బు అప్పటికే పోయి ఉంటే 1930కి చెప్పాలి. చాలామంది ముందు స్టేషన్‌కు పరుగెత్తుతారు. అది తప్పు వరుస. పోలీసు ఫిర్యాదుతో సీఈఐఆర్ పోర్టల్‌లో ఐఎంఈఐని బ్లాక్ చేయిస్తే ఆగేది హ్యాండ్‌సెట్టే, ఖాతా కాదు. డూప్లికేట్ సిమ్‌కు తొలి 24 గంటలు ఎస్ఎంఎస్‌లు రావు; బ్యాంకు పని అప్పటిదాకా వాయిదా వేయకూడదు.