పక్క గదికి పొడి ఇవ్వకండి!

మహిళా హాస్టల్ విద్యార్థినులకు వార్డెన్ విన్నపం

అమ్మాయిలూ,

సెమిస్టర్ పరీక్షలు దగ్గర పడేసరికి మన గదుల్లో రెండు రకాల పొడులు తిరుగుతున్నాయి. ఒకటి రాత్రంతా మెలకువగా ఉండి చదవడానికి. రెండోది, అలా చదివాక తెల్లవారుజామున నిద్ర పట్టడానికి. ఒకరు కొంటే ఆరుగురు తాగుతున్నారు. ఒకరి దగ్గర పాత హార్లిక్స్ సీసాలో ఉంది, ఇంకొకరి దగ్గర నోట్‌బుక్ కాగితంలో పొట్లం కట్టి ఉంది. ఇదేంటమ్మా అని ఎవరిని అడిగినా ఒకే జవాబు: “మూలికలే మేడమ్, ఏమీ కాదు.” ఆ జవాబు విన్నాకే ఈ కరపత్రం వేయించాను.

మూలికా వైద్యం మీద నాకేమీ కోపం లేదు. కానీ పొడి ఇచ్చే వైద్యుడు ముందు నాడి పట్టుకుంటాడు. ఆకలి ఎలా ఉంది, వయసెంత, వేరే మందులేమైనా వాడుతున్నావా అని అడుగుతాడు. పాలతోనా, తేనెతోనా, ఎంత, ఎప్పుడు అన్నది ఆ తర్వాతే చెబుతాడు. మీరు పక్క గదికి పొడి ఇచ్చినప్పుడు ఈ ప్రశ్నలేవీ ఉండవు. చెంచా ఒక్కటే వెళ్తుంది.

ఆ చెంచా లెక్కే చూద్దాం. ఎనర్జీ పొడుల్లో కొన్నింటికి గ్వరానా అనే గింజ ఆధారం. బ్రెజిల్ నుంచి వచ్చే ఆ గింజలో మనల్ని మెలకువగా ఉంచేది కాఫీలో ఉండే కెఫీనే. గింజను మామూలుగా దంచిన పొడిలో నూటికి నాలుగు పాళ్లు కెఫీన్ ఉందనుకుంటే, మూడు గ్రాముల చెంచాలో 120 మిల్లీగ్రాములు వస్తుంది. అంటే ఒక గట్టి కాఫీ అంత. అదే గింజ నుంచి తీసిన సారాన్ని కూడా పొడిగానే అమ్ముతారు. అందులో నూటికి 22 పాళ్ల కెఫీన్ ఉండే రకం మామూలుగా దొరుకుతుంది. దాన్ని అదే చెంచాతో తీస్తే 660 మిల్లీగ్రాములు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు రోజు మొత్తానికి 400 మిల్లీగ్రాముల దాకా అయితే సాధారణంగా హాని ఉండదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ చెబుతోంది. మీరు ఒక్క గుక్కలో దాన్ని దాటేశారు. రెండు పొడులకూ పేరు ఒకటే, రంగులోనూ పెద్ద తేడా కనిపించదు. తేడా చెప్పేది డబ్బా మీది లేబులే. పొడిని హార్లిక్స్ సీసాలోకి వంపిన రోజే మీరు ఆ లేబుల్‌ను చెత్తబుట్టలో పడేశారు.

ఇప్పుడు ఒక అమ్మాయిని ఊహించుకోండి. బయట తిన్న పానీపూరీ పడక విరేచనాలైతే డాక్టరు సిప్రోఫ్లాక్సాసిన్ మాత్రలు రాశారు. ఆ మాత్ర కెఫీన్‌ను కాలేయం త్వరగా విరిచేయకుండా అడ్డుపడుతుంది. మామూలుగా ఒంట్లోని కెఫీన్ సగానికి తగ్గడానికి దాదాపు ఐదు గంటలు పడుతుంది, ఈ అమ్మాయికి అంతకంటే చాలా ఎక్కువ సేపు పడుతుంది. రాత్రి పదకొండుకు స్నేహితురాలు ఇచ్చిన చెంచా పొడి తాగింది. స్నేహితురాలికి గుండె కాస్త వేగంగా కొట్టుకుని ఊరుకుంది. ఈ అమ్మాయికి మాత్రం చేతులు వణకడం, వాంతులు, గుండె దడ, నిద్ర అసలే లేకపోవడం. మూడింటికి రెండో పొట్లం, అదే నిద్ర పొడి, పక్క మంచం నుంచి వచ్చింది. ఒకదాన్ని ఇంకొకటి చల్లారుస్తుందని మీరనుకుంటారు. కెఫీన్ ఒంట్లోంచి పోదు. దాని మీద ఇంకో మందు చేరుతుంది, అంతే.

ఆ రెండో పొట్లంలో ఏముంటుంది? ఎక్కువగా అశ్వగంధ, జటామాంసి, తగర. కొన్నింటిలో సర్పగంధ కూడా. సర్పగంధ వేరులోని రిసర్పిన్‌ను ఒకప్పుడు అల్లోపతి వైద్యులే బీపీ తగ్గించడానికి వాడారు. అసలే బీపీ తక్కువగా ఉండి, మెస్ టిఫిన్ మానేసి పరీక్షకు పరుగెత్తే పిల్లలు మనలో ఎంతమంది లేరు? మంచం మీంచి లేవగానే కళ్లు తిరిగి పడిపోతారు. మనసు అప్పటికే దిగులుగా ఉన్నవాళ్లలో ఆ దిగులును ఇంకా పెంచుతుందని కూడా ఆ మందుకు పేరుంది. జలుబుకు సెట్రిజిన్ వేసుకున్న అమ్మాయి, ఫిట్స్‌కు మందు వాడుతున్న అమ్మాయి ఇలాంటి పొడి తాగితే మత్తు మీద మత్తు చేరుతుంది.

అశ్వగంధ ఇంటింటా తెలిసిన పేరే. అయినా థైరాయిడ్ మాత్ర వేసుకునే అమ్మాయి డాక్టరుకు చెప్పకుండా దాన్ని తాగకూడదు. అది థైరాయిడ్ హార్మోన్లను పెంచిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. ఇంకో సంగతి ఉంది. అశ్వగంధ వాడిన కొద్దిమందిలో, అరుదుగానే అయినా, కాలేయం దెబ్బతింది. అది మర్నాడే తెలియదు. వారాల తర్వాత ఒళ్లంతా దురద, ముదురు రంగు మూత్రం, పచ్చబడిన కళ్లు. అప్పుడు మనవాళ్లు చేసే మొదటి పని ఏమిటో మీకూ తెలుసు: హాస్టల్ నీళ్లను తిట్టి, ఊరికి తీసుకెళ్లి పచ్చకామెర్లకు ఆకు పసరు పోయించడం. దెబ్బతిన్న కాలేయం మీద ఏమిటో తెలియని ఇంకో మూలిక. ఎనిమిది వారాల కిందట తాగిన పొడి ఎవరికీ గుర్తుండదు, డాక్టరుకు ఎవరూ చెప్పరు.

ఎమర్జెన్సీలో డ్యూటీ డాక్టరు అడిగే మొదటి ప్రశ్న “ఏం తాగింది?” ఆ జవాబును బట్టే వైద్యం సాగుతుంది. పొడి ఐదు గదులు తిరిగి వచ్చినదైతే, “తెలీదు సార్, ఏదో ఎనర్జీ పొడి” అనడం తప్ప మనం చెప్పగలిగేది ఉండదు. పొడుల వ్యాపారంలో ఇంకో మోసమూ ఉంది. మూలికలేనని చెప్పే సరుకులో లేబుల్ మీద రాయని ఇంగ్లిష్ మందులు కలిపి పట్టుబడిన సంఘటనలు చాలా దేశాల్లో ఉన్నాయి. తాగిన వెంటనే బ్రహ్మాండంగా పనిచేసే పొడిని ఇంకాస్త ఎక్కువ అనుమానించండి.

కాబట్టి ఈ వారం నుంచి మీరు చేయవలసింది ఇది. మీకు వైద్యుడు ఇచ్చిన చూర్ణం ఏదైనా ఉంటే మీరే వాడుకోండి, వచ్చిన డబ్బాలోనే ఉంచండి, ఎవరడిగినా ఇవ్వకండి. “నాకిచ్చింది నా ఒంటిని చూసి ఇచ్చారే” అని చెబితే చాలు, స్నేహం చెడదు. లేబుల్ లేని సీసాలు, పొట్లాలు ఆఫీసు ముందున్న పెట్టెలో వేయండి. ఎవరు వేశారో చూడను, ఇంటికి ఫోన్ చేయను, ఫైన్ లేదు. థైరాయిడ్‌కో ఫిట్స్‌కో ఆస్తమాకో బీపీకో మందు వాడేవాళ్లు ఆ పేర్లు ఒక కాగితం మీద రాసి నాకివ్వండి, నా బీరువాలోనే ఉంటుంది.

ఎవరికైనా గుండె దడ తగ్గకపోయినా, వాంతులు ఆగకపోయినా, ఫిట్స్ వచ్చినా, పిలిస్తే పలకకపోయినా నా తలుపు కొట్టండి, అదే సమయంలో ఇంకొకరు 108కి ఫోన్ చేయండి. వాంతి చేయించడానికి ఉప్పునీళ్లు తాగించొద్దు. స్పృహ తప్పిన అమ్మాయిని ఓ పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పోయొద్దు. తాగిన పొడి, దాని డబ్బా, వాడిన చెంచా సహా ఆస్పత్రికి తెండి.

పరీక్షల భయంతోనే నిద్ర పట్టడం లేదంటే 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలి మానస్ నంబరు, డబ్బు పడదు, తెలుగులో మాట్లాడతారు. లేదా నా గదికి రండి, పదకొండు దాకా లైటు వెలుగుతూనే ఉంటుంది.

— మీ వార్డెన్