రాత్రి షిఫ్టుకు కృతజ్ఞత: మెయిల్‌లో ఏం రాయాలి?

2024 జులై 19న మన కాలమానం ప్రకారం ఉదయం 9 గంటల 39 నిమిషాలకు సైబర్ భద్రతా సంస్థ క్రౌడ్‌స్ట్రైక్ తన విండోస్ సాఫ్ట్‌వేర్‌కు ఒక చిన్న అప్‌డేట్ పంపింది. అందులోని లోపం వల్ల ప్రపంచమంతటా సుమారు 85 లక్షల కంప్యూటర్లు నీలి తెరతో ఆగిపోయాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. హైదరాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. అమెరికాలో డెల్టా విమాన సంస్థ ఐదు రోజుల్లో దాదాపు 7,000 సర్వీసులను రద్దు చేసింది. వారం తిరగక ముందే క్రౌడ్‌స్ట్రైక్ తన సిబ్బందికి, కస్టమర్లకు అండగా నిలిచిన భాగస్వాములకు కృతజ్ఞతలు చెబుతూ మెయిల్ పంపింది. కాఫీకో, రాత్రి చిరుతిండికో వాడుకోమని 10 డాలర్ల ఉబర్ ఈట్స్ కూపన్ జతచేసింది. అది వాడబోయిన కొందరికి కూపన్ రద్దయిందన్న సందేశం కనిపించింది. ఒక్కసారిగా ఎక్కువమంది వాడడంతో ఉబర్ దాన్ని మోసంగా భావించి ఆపేసిందని ఆ తర్వాత సంస్థే వివరణ ఇచ్చింది.

ఆ కూపన్ విలువ మీద చాలా చర్చ జరిగింది. నా అభ్యంతరం విలువ గురించి కాదు. బయటికొచ్చిన ఆ మెయిల్‌లో సిబ్బంది చేసినదాన్ని ‘అదనపు పని’ అన్నారు తప్ప, ఆ పని ఏమిటో చెప్పలేదు. దీర్ఘ అంతరాయం తర్వాత పంపే అభినందన మెయిల్ సిబ్బంది చేసిన పనికి సాక్ష్యపత్రంగా ఉండాలి. అలా లేనప్పుడు ఎంత తీయగా రాసినా దానివల్ల ఒరిగేదేమీ లేదు.

ఆ పని ఎలాంటిదో చూద్దాం. లోపం ఉన్న ఫైలును క్రౌడ్‌స్ట్రైక్ 78 నిమిషాల్లోనే వెనక్కి తీసుకుంది. కానీ అప్పటికే కూలిపోయిన కంప్యూటర్లు చాలావరకు ఆ సవరణను అందుకోలేకపోయాయి. విండోస్ పూర్తిగా తెరుచుకుని నెట్‌వర్క్‌కు చేరేలోపే అవి మళ్లీ ఆగిపోతున్నాయి. దూరం నుంచి సరిచేసే దారి మూసుకుపోవడంతో ఒక్కో యంత్రాన్ని మనిషే బాగుచేయాల్సి వచ్చింది. సేఫ్ మోడ్‌లోకి వెళ్లి, డ్రైవర్ల ఫోల్డర్‌లోని క్రౌడ్‌స్ట్రైక్ ఫోల్డర్‌లో C-00000291*.sys పేరుతో ఉన్న ఫైలును తొలగించి, రీస్టార్ట్ చేయాలి. డిస్కుకు బిట్‌లాకర్ తాళం ఉంటే అంతకుముందే 48 అంకెల రికవరీ కీ కొట్టాలి. ఆ కీలు దాచిన సర్వరే కూలిపోతే ముందు దాన్ని లేపాలి.

అమెరికాలో శుక్రవారం ఉదయం ఆఫీసులు తెరిచేసరికి మనకు సాయంత్రం దాటుతుంది. అక్కడి కస్టమర్లకు ఇక్కడి నుంచి హెల్ప్‌డెస్క్ నడిపేవారికి రాత్రి షిఫ్టు అంటే ఇదే. అలాంటి రాత్రి ఫోన్‌కు అవతల ఉన్నది తరచూ సేఫ్ మోడ్ అనే మాటే విననివారు. వారికి ఏ తెర వస్తుందో ముందే చెప్పి, 48 అంకెలను ఆరేసి చొప్పున చదివి వినిపించి, తప్పు పడితే మళ్లీ మొదటి నుంచి చదవాలి. యంత్రానికి పదిహేను నిమిషాలు అనుకుంటే 500 యంత్రాలకు 125 గంటల పని. ఎనిమిది మంది ఎనిమిది గంటల షిఫ్టులో విరామమే లేకుండా చేసినా అందులో దాదాపు సగమే, అంటే 64 గంటల పనే పూర్తవుతుంది. మిగిలిన సగం కోసం ఎవరో షిఫ్టు ముగిశాక ఆగిపోతారు, ఎవరో వారాంతపు సెలవు వదులుకుంటారు. మేనేజర్లకు కనబడనిది ఈ రెండో సగమే.

ఎందుకు కనబడదంటే, అంతరాయం సమయంలో పెద్దలంతా బ్రిడ్జ్ కాల్‌లో ఉంటారు. అక్కడ మాట్లాడినవారి పేర్లే వారికి గుర్తుంటాయి. కారణం కనుక్కున్న ఇంజనీరుకు పేరు వస్తుంది. అది న్యాయమే. కానీ ఆ కాల్‌లో గొంతు వినిపించనివారు అదే సమయంలో కస్టమర్ల కాల్స్ తీసుకుంటూ ఉంటారు. అందుకే మెయిల్ రాసేవారు జ్ఞాపకం మీద ఆధారపడకూడదు. టికెట్ల చిట్టా, కాల్ రికార్డు, షిఫ్టు హ్యాండోవర్ నోట్ ముందు పెట్టుకుని కూర్చోవాలి. ఎవరు ఎన్ని టికెట్లు మూశారన్న లెక్క ఒక్కటే చాలదు. ఆసుపత్రి నుంచి వచ్చిన ఒక్క టికెట్ మీద మూడు గంటలు కూర్చున్న మనిషి ఆ లెక్కలో అట్టడుగున ఉంటారు. ఆ సంగతి హ్యాండోవర్ నోట్‌లోనే దొరుకుతుంది.

ఇలా రాసిన మెయిల్ ఎలా ఉంటుందో ఊహించండి: ‘శుక్రవారం రాత్రి తొమ్మిది నుంచి ఆరు వరకు మీ ఎనిమిది మంది 250 యంత్రాలను తిరిగి నడిపించారు. ఆసుపత్రి అడ్మిషన్ల కౌంటర్‌ను ముందు లేపాలన్న నిర్ణయం ఫలానావారిది. రికవరీ కీల జాబితాను వార్డులవారీగా విడదీసి అందరి సమయం ఆదా చేసింది ఫలానావారు. అంతరాయానికి కారణం మీ పొరపాటు కాదు, లోపంతో వెళ్లిన అప్‌డేట్. వచ్చే రెండు వారాల్లో మీకు నచ్చిన రోజున ఒక్కొక్కరికి కాంప్ ఆఫ్. అదనపు గంటల డబ్బు ఈ నెల జీతంలోనే.’ ఇందులో ఒక్క పొగడ్త మాట లేదు. అయినా చదివినవారికి తమ రాత్రి వృథా కాలేదని తెలుస్తుంది. కారణం గురించిన వాక్యం మరీ ముఖ్యం. గంటల తరబడి కస్టమర్ల చేత తిట్లు తిన్నవారికి ఆ తప్పు తమది కాదని సంస్థ రాతపూర్వకంగా చెప్పాలి.

ఈ మెయిల్‌లో కూపన్ లింకు పెట్టకపోవడానికీ కారణం ఉంది. పెద్ద అంతరాయం తర్వాత మోసగాళ్లు కాచుకుని ఉంటారు. జులై 19నే అమెరికా సైబర్ భద్రతా సంస్థ సీసా, క్రౌడ్‌స్ట్రైక్ ఘటనను అడ్డం పెట్టుకుని ఫిషింగ్ జరుగుతోందని హెచ్చరించింది. తెలియని లింకు నొక్కొద్దని రోజూ చెప్పే సంస్థే ఆ వారంలో బహుమతి లింకు పంపితే సపోర్టు సిబ్బంది దాన్ని అనుమానించడమే సరైన పని. ఇవ్వదలచినది జీతంలో కలిపి ఇస్తే ఏ గొడవా ఉండదు.

ఇంకో లోపం చిరునామాల జాబితాలో ఉంటుంది. రాత్రి షిఫ్టులో చాలామంది కాంట్రాక్టు మీద, వెండర్ సంస్థల తరఫున పనిచేస్తారు. సంస్థ సొంత ఉద్యోగుల గ్రూపుకు మెయిల్ పంపితే వారికి అది చేరదు. పక్క సీటులో ఒకే పని చేసిన ఇద్దరిలో ఒకరికి కృతజ్ఞత అంది, మరొకరికి అందకపోతే, అసలు మెయిలే లేకపోవడం కంటే ఎక్కువ నొప్పిస్తుంది. వారి పేర్లు విడిగా చేర్చాలి. వెండర్ మేనేజరుకు ప్రతి పంపాలి. ఎందుకంటే వారి ఇంక్రిమెంటు, కాంట్రాక్టు పొడిగింపు నిర్ణయించేది ఆ మేనేజరే.

జీతం తీసుకుంటున్నారు, పని చేశారు, ఇంత హడావుడి ఎందుకని అడిగేవారున్నారు. జీతం రోజువారీ పనికి ఒప్పుకున్నది. షిఫ్టు ముగిశాక ఆగిన గంటలు ఆ ఒప్పందంలో లేవు. పైగా ఏడాది చివర్లో అప్రైజల్ చేసే మేనేజరు పగలు పనిచేస్తారు, రాత్రి జరిగింది ఆయన కళ్లతో చూడలేదు. పేరుతో, పనితో, తేదీతో ఉన్న మెయిల్ ఒకటి ఉంటే ఆ రాత్రికి ఆధారం మిగులుతుంది. లేకపోతే సగటు కాల్ సమయం ఆ వారం పెరిగిందన్న గీత మాత్రమే మిగులుతుంది. ఎక్కువ కష్టపడ్డవారికే తక్కువ మార్కులు పడతాయి.

కాబట్టి అంతరాయం ముగిశాక సంస్థలు తయారుచేసే కారణాల నివేదికకు ఒక పేజీ కలపాలి. ఏ షిఫ్టులో ఎవరు ఏం చేశారు, ఎన్ని గంటలు అదనంగా ఉన్నారు, వారికి ఏం బాకీ ఉన్నాం అన్నవి అందులో రాయాలి. అభినందన మెయిల్ ఆ పేజీ నుంచే పుట్టాలి. అప్రైజల్ ఫైల్లోకి, జీతాల విభాగానికి అదే పేజీ వెళ్లాలి. రాత్రి షిఫ్టువారు మళ్లీ డ్యూటీకి వచ్చి కూర్చునేలోపు ఈ పని పూర్తిచేయడం మేనేజర్ల బాధ్యత.