దీపాలదిన్నె సాక్ష్యము

బౌద్ధధర్మము తాను పుట్టిన దేశముననే ఏల అంతరించినదన్న ప్రశ్నకు మనలో మూడు సమాధానములు వాడుకలో నున్నవి. రాజాదరణ తొలగిపోవుటచే క్షీణించినదని కొందరును, తురుష్కుల ఖడ్గమునకు బలియైనదని కొందరును, కుమారిల శంకరుల వాదధాటికి, తిరిగి తలయెత్తిన వైదికమతమునకు ఓడినదని మరికొందరును చెప్పుదురు. ఎవరికి నచ్చిన కారణమును వారు సర్వస్వముగ భావించుటచే ఈ చర్చ చరిత్రవిచారమును విడిచి నేటి స్పర్ధలకు ఆయుధమగుచున్నది. ఈ సమాధానముల బలాబలములు తేలవలెనన్నచో, మూడు కారణములును కలిసి పనిచేసిన మగధను గాక, వానిలో నొకటి బౌద్ధము బ్రదికియున్న దినములలో అడుగే పెట్టని ప్రదేశమును మొదట పరీక్షింపవలెను. అట్టి ప్రదేశము మన కృష్ణాతీరమే.

మూడవ శతాబ్దిలో ఇక్ష్వాకులు విజయపురి రాజధానిగ ఏలుచుండిన దినములలో నాగార్జునకొండ లోయ భిక్షువులతో నిండియుండెను. వంశకర్తయైన శాంతమూలుడు అశ్వమేధ వాజపేయములు చేసిన వైదికుడు. ఆయన సోదరి శాంతిశ్రీయో, మహాచైత్యమునకు దానములొసగిన బౌద్ధోపాసిక. ఒకే ఇంట యజ్ఞమును చైత్యమును కలహింపక నిలిచినవి. నాల్గవ శతాబ్దిలో ఆ వంశము కూలినది, దానితో లోయలోని విహారములును పాడుపడినవి. తెలుగుదేశమున తురుష్కసేనలు ప్రవేశించుటకు అప్పటికి ఇంకను వేయి సంవత్సరములున్నవి. శంకరాచార్యులు శిష్యసమూహముతో వచ్చి ఆ కట్టడములను కూల్చెనని అచ్చటివారు చెప్పుకొను కథను త్రవ్వకములు జరిపిన లాంగ్‌హర్స్టు వ్రాసియున్నాడు. కాని శంకరులు జన్మించుటకు కొన్ని శతాబ్దములకు ముందే ఆ లోయ నిర్జనమైనది.

ఇక రాజాదరణ. రాజవంశముతోడనే విహారములు నశించినవి గనుక ఈ కారణమే సత్యమని తోచును. కాని ఒక మతమునకు రాజే ఏకైకాధారమగు దుస్థితి ఎట్లు వచ్చినదని అడుగక మానరాదు. దీనికి సమాధానము దానశాసనములలో నున్నది. అమరావతి స్తూపమునకు రాతిపలకలిచ్చిన వారిలో గృహపతులు, వర్తకులు, గంధపువస్తువు లమ్ముకొనువారు, భిక్షుణులు, సామాన్యగృహిణులు కనిపింతురు; విధికుడను చర్మకారుడు తన కుటుంబముతో గూడ పూర్ణఘటము చెక్కిన పలకను సమర్పించినాడు. ఆ శిలలముందు నిలిచి ఆ పేర్లను చదివినప్పుడు, ఒక ఊరంతయు కలిసి ఆ స్తూపమును ఎత్తినట్లు తోచును. నాగార్జునకొండ శాసనములలో ఈ దృశ్యము మారినది. బోధిశ్రీవంటి గృహస్థురాలు లేకపోలేదు గాని, అచ్చటి దాతలలో అధికులు రాజకుటుంబపు స్త్రీలే. నలుగురి భుజములపై నడచిన ధర్మము ఒక అంతఃపురపు భుజముపైకి చేరినది. సముద్రవ్యాపారము తగ్గి, వర్తకుల చేతులు దానమునకు వెనుదీయుటయు దీనికి హేతువు కావచ్చును. రాజాదరణ లోపించుటచే బౌద్ధము చచ్చెననుటకన్న, రాజాదరణ తప్ప మరేదియు మిగులకపోవుటచే చచ్చెననుట సత్యమునకు దగ్గరయని నా అభిప్రాయము.

వైదికమత పునరుజ్జీవనమును కూడ ఈ దృష్టితోనే చూడవలయును. దానిని పండితసభలలో వాదవిజయముగనో, విగ్రహధ్వంసముగనో చిత్రించుట మనకు అలవాటు. బోధివృక్షమును శశాంకుడు నరికించెనని హ్యుయాన్‌త్సాంగు వ్రాసిన మాట నిజమే; అట్టి క్రౌర్యములు జరుగలేదని నేననను. కాని నరికిన చెట్టు మరల చిగిర్చినది. మరల చిగుర్పనీయని మార్పు నిశ్శబ్దముగ జరిగినది. ఇక్ష్వాకుల తరువాత వచ్చిన రాజవంశముల తామ్రశాసనములలో అధికభాగము బ్రాహ్మణులకిచ్చిన భూదానములే. విష్ణుకుండి గోవిందవర్మవలె తన రాణి కట్టించిన విహారమునకు దానమిచ్చిన ప్రభువులున్నను, వారు అరుదు. అగ్రహారికుడు గ్రామముననే కాపురముండి, నామకరణము మొదలు అపరకర్మ వరకు ప్రతి గృహస్థుని యింటను నిలిచి, తిథివారములు చెప్పి, పంటకు ముహూర్తము పెట్టెడివాడు. విహారవాసియైన భిక్షువునకు పెండ్లిపందిరిలో పనిలేదు. బుద్ధుని పూజించు గృహస్థుడుకూడ తన కుమార్తె వివాహమునకు బ్రాహ్మణునే పిలిచెడివాడు. మరి రెండు తరములకు బుద్ధుడే విష్ణువు అవతారమని పురాణము చెప్పినప్పుడు, తాను మతము మారితినన్న స్పృహ ఆ యింటివారికి కలుగ నవసరమే లేకపోయెను. శంకరులకు ముందే, 639 ప్రాంతమున ధాన్యకటకమునకు వచ్చిన హ్యుయాన్‌త్సాంగు, అచ్చటి సంఘారామములలో పెక్కు శూన్యములై, ఇరువది మాత్రమే మిగిలియుండెననియు, దేవాలయములు నూరు కలవనియు వ్రాసినాడు.

అయినచో దండయాత్రల మాట యేమి? మగధయందు అది కాదనరాని సత్యము. బఖ్తియార్ ఖిల్జీ రెండువందల అశ్వికులతో బీహారు కోటపైబడి, ముండితశిరస్కులను సంహరించెననియు, దొరికిన గ్రంథములను చదివి చెప్పువారు ఒక్కరును మిగులలేదనియు, ఆ దండయాత్రలో పాల్గొన్న వారినుండియే విని మిన్హాజ్ వ్రాసినాడు. ఆ కోట ఓదంతపురి విహారమని చరిత్రకారులలో పలువురి నిర్ణయము. ఈ ఘోరమును తక్కువచేసి చెప్పుట చరిత్రకు ద్రోహము. కాని 1235లో నలందకు వచ్చిన టిబెట్టు యాత్రికుడు ధర్మస్వామి చూచినదేమి? తొంబదియేండ్లు దాటిన రాహుల శ్రీభద్రుడు డెబ్బదిమంది శిష్యులకు పాఠము చెప్పుచుండెను. ఆయనను పోషించుచుండినవాడు జయదేవుడను బ్రాహ్మణోపాసకుడొక్కడు. ఆ జయదేవుని తురుష్కులు చెరపట్టినారు. ఒకనాడు రెండువందల గ్రామముల ఆదాయముతో జీవించినదని ఇత్సింగు చెప్పిన విద్యాపీఠమునకు తుదకు మిగిలిన దాత ఒక్క గృహస్థుడు. గ్రామముల పన్నులు వచ్చుచున్నంతకాలము భిక్షువునకు భిక్షాపాత్రతో ఇంటింటికి పోవు నవసరము లేకపోయినది; ఆ పన్నులు ఆగిననాడు ఆయనను ఎరిగిన యిండ్లును లేకపోయినవి.

అదే ఖడ్గము పశ్చిమభారతమున జైనులపైనను పడినది. వారి ఆలయములును కూలినవి. కాని శ్రావకకుటుంబములు తమ వ్రతములను, తమ సాధువులతోడి సంబంధమును తరతరములుగ నిలుపుకొనియుండుటచే, కూలిన ఆలయమును మరల కట్టినవారున్నారు. మగధలో మరల కట్టువారు లేరు. కావున తురుష్కదండయాత్ర అప్పటికే వేరు తెగిన వృక్షమును కూల్చినదనియు, ఆ వేరు సామాన్యగృహస్థుని యింటిలో, ఎవరును గమనింపకుండగ, శతాబ్దులకు ముందే తెగినదనియు నేను నమ్ముచున్నాను.

మరల అమరావతికి వత్తము. 1182లో శైవుడైన కోట కేతరాజు అమరేశ్వరునితోపాటు బుద్ధదేవునకును గ్రామములను, అఖండదీపములను ఇచ్చెను. ఆ శాసనము అమరేశ్వరాలయమునందే గలదు. 1344 నాటి సింహళశాసనమొకటి ధాన్యకటకమున ఒక ప్రతిమాగృహమును ధర్మకీర్తియను స్థవిరుడు బాగుచేయించెనని చెప్పుచున్నది. చేయించినవాడు సింహళమునుండి వచ్చినవాడు. 1797లో కర్నల్ మెకంజీ అచ్చటికి వచ్చునప్పటికి, వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు నిర్మించుచున్న క్రొత్తపట్టణమునకై జనులు ఆ స్తూపపు రాళ్లను త్రవ్వి తీసికొనిపోవుచుండిరి. దాని చెంతనే కాపురముండినవారు ఆ మట్టిగుట్టను దీపాలదిన్నె యని పిలిచెడివారు.