పావు వంతు తగ్గిందంటే మళ్ళీ పావు వంతు కలిపితే సరిపోదు

తిరుత్తణి వాళ్ళకీ, తిరువళ్ళూరు వాళ్ళకీ కలిపే రాస్తున్నాము. కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపికగా చదవండి. కోపం వస్తే నెల మీటింగులో ఎదురుగానే అడగండి, జవాబు చెబుతాము.

మన ఆరోగ్య గ్రూపులో ఒక చార్టు తిరుగుతోంది. చక్కెర ఉన్నవాళ్ళూ, కిడ్నీ డాక్టరు దగ్గరికి వెళ్ళేవాళ్ళూ రోజూ తిన్నది ఫోనులో ఎక్కించుకుంటున్నారు కదా, వాళ్ళ కోసమట. అందులో ఒక వాక్యం ఇది: “మాంసం, చేప వండితే 25 శాతం తగ్గుతుంది. కాబట్టి వండిన బరువును 1.25తో గుణించి పచ్చి బరువుగా రాసుకోండి.” దీన్ని ఫ్లెక్స్ కొట్టించి సంఘం హాల్లో కట్టాలని కూడా అంటున్నారు. మేము ఒప్పుకోము. ఎందుకో చెబుతాము.

ముందు ఉత్త లెక్కే చూద్దాం. 400 గ్రాముల పచ్చి చికెన్ 25 శాతం తగ్గితే 300 అవుతుంది. ఆ 300ను 1.25తో గుణిస్తే 375 వస్తుంది. 400 రాలేదు. మిగతా 25 గ్రాములు ఎక్కడికి పోయాయి? తగ్గింది 400లో పావు వంతు, కలుపుతున్నది 300లో పావు వంతు. ఆ రెండు పావులూ ఒకటి కాదు. వెనక్కి వెళ్ళాలంటే 0.75తో భాగించాలి. మేము చదివింది తమిళ మీడియంలో, శాతాన్ని సదవీదం అని నేర్చుకున్నాము. ఏ భాషలో నేర్చుకున్నా 300ని 0.75తో భాగిస్తేనే 400 వస్తుంది. ఫ్లెక్స్ మీద ఎంత పెద్ద అక్షరాలతో రాసినా 375 మాత్రం 400 కాదు.

సరే, 1.25ను 1.33గా దిద్దితే చాలంటారా? చాలదు. అసలు గొడవ ఆ 25లోనే ఉంది.

ఆ 25 ఊరికే పుట్టింది కాదు. నాలుగు ఔన్సుల పచ్చి మాంసం వండితే మూడు ఔన్సులవుతుందని అమెరికాలో చాలాకాలంగా చెప్పుకునే ఉజ్జాయింపు లెక్క అది. ఆ దేశపు వ్యవసాయ శాఖే మాంసాలకు, కోళ్ళకు ఏ భాగాన్ని ఏ రకంగా వండితే ఎంత శాతం మిగులుతుందో విడివిడిగా పట్టికలు వేసింది. దీన్నే వంట దిగుబడి అంటాము: వండిన బరువును పచ్చి బరువుతో భాగించి నూరుతో గుణించడం. అన్నిటికీ ఒకే అంకె సరిపోయేదయితే వాళ్ళు అంత పట్టిక ఎందుకు వేస్తారు?

ఎందుకు తగ్గుతుందో తెలిస్తే ఒకే అంకె ఎందుకు కుదరదో కూడా తెలుస్తుంది. కొవ్వు లేని పచ్చి మాంసంలో ముప్పావు వంతు నీళ్ళే. వేడి తగలగానే కండలోని ప్రోటీన్ ముడుచుకుంటుంది, తడిగుడ్డను పిండినట్టు నీళ్ళు బయటికి వస్తాయి. వేడి పెరిగేకొద్దీ, పొయ్యి మీద ఉంచేకొద్దీ ఇంకా పిండుకుంటుంది. ప్రోటీన్ మాత్రం దాదాపు అంతా ముక్కలోనే ఉంటుంది. అందుకే ముక్క చిన్నదయినా దానిలో సత్తువ తగ్గదు, గ్రాముకు ప్రోటీన్ ఎక్కువవుతుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన భారత ఆహార పట్టికల్లో మాంసం, చేపల అంకెలు పచ్చివాటికి, అదీ తినే భాగానికి మాత్రమే ఇచ్చారు. ఆ పచ్చి అంకెను పళ్ళెంలో ఉన్న వండిన ముక్కకు వాడాలంటే దిగుబడితో భాగించాలి. ఉన్న సూత్రం అంతే:

వండిన 100 గ్రాముల్లో ప్రోటీన్ = పచ్చి 100 గ్రాముల్లో ప్రోటీన్ ÷ (దిగుబడి శాతం ÷ 100)

ఇప్పుడు చార్టు ఎక్కడ కొంప ముంచుతుందో చూడండి. 60 కిలోల పెద్దాయన ఒకరు ఉన్నారనుకోండి. కిడ్నీ నెమ్మదించింది, కిలోకు 0.8 గ్రాముల చొప్పున రోజుకు 48 గ్రాముల ప్రోటీన్ దాటవద్దని డాక్టరు చెప్పారు. ఆదివారం ఎముక లేని చికెన్ పెప్పర్ ఫ్రై చేశారు. పచ్చిది 500 గ్రాములు, 100 గ్రాములకు 22 గ్రాముల ప్రోటీన్. బాగా ఎండేదాకా వేయిస్తే ముక్కలు 300 గ్రాములయ్యాయి. దిగుబడి 60 శాతం. ఆయన 150 గ్రాములు వడ్డించుకున్నారు, అంటే సరిగ్గా సగం. 500 గ్రాముల్లో మొత్తం 110 గ్రాముల ప్రోటీన్ ఉంది కాబట్టి ఆయన తిన్నది 55. చార్టు ప్రకారం 150ని 1.25తో గుణిస్తే 187.5 పచ్చి గ్రాములు, 41 గ్రాముల ప్రోటీన్. ఇంకా ఏడు గ్రాములకు చోటుంది కదా అని రాత్రి పెసరట్టు తింటారు. నిజానికి ఆ చికెన్‌తోనే రోజు లెక్క దాటిపోయింది. చార్టు కూడా చూడకుండా 150 గ్రాములను నేరుగా ఫోనులో raw అన్న వరుసలో ఎక్కించేవాళ్ళకు 33 అని చూపిస్తుంది, అది ఇంకా ఘోరం. అదే చికెన్‌ను మెత్తగా కూరలా వండితే 500 గ్రాములు 360 దగ్గర ఆగుతుంది, దిగుబడి 72 శాతం, 150 గ్రాముల్లో 46. కోడి అదే, చట్టీ అదే. వంట రకం మారేసరికి తొమ్మిది గ్రాముల తేడా వచ్చింది.

ఇక మటన్. ఇక్కడ ఎముక ఒకటుంది. ఎముక తీసేయడం వేరు, వండితే తగ్గడం వేరు. చార్టు రాసినవాళ్ళు రెండింటినీ కలిపేశారు.

మేము రైల్వేలో పార్సెల్ బుక్ చేసినవాళ్ళం. వ్యాగన్ మీద దాని ఖాళీ బరువు పెయింటుతో రాసి ఉంటుంది, దాన్ని టేర్ అంటాము. సరుకు బరువు కావాలంటే మొత్తంలో నుంచి టేర్ తీసేయాలి. వంటింట్లో గిన్నెకూ టేర్ ఉంది, ఎముకకూ ఉంది. మా ఇంట్లో పోయిన నెల ఒక కిలో మటన్ కడిగి, నీళ్ళు ఓడ్చి, కాటా మీద పెట్టాము. వండాక ముక్కల్ని గ్రేవీలోంచి పైకి తీసి తూస్తే 730 గ్రాములు. తిన్నాక అందరి పళ్ళాల్లోని ఎముకలు ఒక గిన్నెలోకి ఏరి తూస్తే 220. (ఇంట్లో నవ్వారు. నవ్వనివ్వండి.) అంటే పచ్చి కండ సుమారు 780, వండిన కండ 510. దిగుబడి 65 శాతం. పచ్చి కండ 100 గ్రాములకు 20 గ్రాముల ప్రోటీన్ అనుకుంటే వండిన 100 గ్రాముల్లో 30.6.

ఎముక సంగతి మరిచి 730ని 1000తో భాగిస్తే 73 శాతం అంటుంది, వండిన 100 గ్రాముల్లో 27.4 అంటుంది. ఏది ఒప్పో ఎలా తెలుసుకోవాలి? సాయంత్రం కౌంటరు మూసేముందు చేసినట్టే చేయాలి, టాలీ చూడాలి. పచ్చి కండ 780లో 156 గ్రాముల ప్రోటీన్ వచ్చింది. వండిన 510 గ్రాములకు 30.6 చొప్పున లెక్కిస్తే అదే 156. 27.4 చొప్పున అయితే 140. పదహారు గ్రాములు షార్టేజి! రైల్వేలో అయితే జీతంలో పట్టుకునేవాళ్ళు.

తప్పు పట్టడానికి ఇంకో రెండు గుర్తులున్నాయి. మాంసం దిగుబడి నూటికి దగ్గరగానో, నూరు దాటో వస్తే ముక్కలతో పాటు గ్రేవీ కూడా తూశారని అర్థం. వండిన 100 గ్రాముల్లో ప్రోటీన్ 40 దాటిందంటే వండిన బరువులో గిన్నెను రెండుసార్లు తీసేసి ఉంటారు, లేదా పచ్చి వైపు ఎముక బరువు ఉండిపోయి ఉంటుంది.

చేపకు వద్దాం. పళవేర్కాడు నుంచి వచ్చేదయినా, పూండి చెరువుదయినా, ముందు తల, తోక, పేగులు తీయించి, కడిగి, ఓడ్చిన తర్వాతే పచ్చి బరువు. ఐసు పెట్టి తెచ్చిన వంజరం ముక్కలయితే ఐసంతా కరిగి కారిపోవాలి, లేకపోతే ఐసునే చేపగా తూస్తాము, తర్వాత దిగుబడి తక్కువని ఆశ్చర్యపోతాము. పులుసులో వేసిన చేప సాధారణంగా మటన్ అంత తగ్గదు, త్వరగా ఉడుకుతుంది కాబట్టి. వేపుడులో మాత్రం ఒక చిక్కుంది. నీళ్ళు బయటికి పోతాయి, నూనె లోపలికి వస్తుంది. కాటాకు నూనె ఏదో, నీళ్ళు ఏవో తెలియదు. కాబట్టి వేపుడు చేపలో ప్రోటీన్‌ను దిగుబడితో లెక్కించవచ్చు, కొవ్వును లెక్కించకూడదు. వేయించే ముందు బాణలిలో నూనె ఎంతో, చల్లారాక ఎంత మిగిలిందో తూసి, ఆ తేడాను నూనె కింద వేరే రాసుకోండి. పొయ్యి చుట్టూ చిందింది కూడా అందులోకి వస్తుంది, కొంచెం ఎక్కువే చూపిస్తుంది. కొవ్వు విషయంలో ఎక్కువ చూపిస్తే నష్టం లేదు.

మటన్ కొవ్వుకూ ఇదే మాట. కొవ్వు కరిగి గ్రేవీ మీద తేలుతుంది. గ్రేవీ పోసుకున్నవాడు ఆ కొవ్వు తిన్నాడు, ముక్కలు మాత్రమే ఏరుకున్నవాడు తినలేదు. ఇద్దరికీ దిగుబడి ఒక్కటే, కొవ్వు మాత్రం ఒకటి కాదు. పొటాషియం కూడా కొంత నీళ్ళలోకి దిగుతుంది. పొటాషియం తగ్గించుకోమని డాక్టరు చెప్పినవాళ్ళు దిగుబడి లెక్కతో దాన్ని తేల్చుకోవాలని చూడవద్దు, డైటీషియన్‌ను అడగండి.

ఇదంతా చదివి “వంటింట్లో కాటా పెట్టుకుని కూర్చుంటామా అన్నా?” అని అడిగేవాళ్ళుంటారు. రోజూ వద్దు. మీ ఇంట్లో వండే ఒక్కో రకాన్ని మూడుసార్లు తూయండి. కిత్తిక రోజు, అమావాస్య మాంసం ముట్టనివాళ్ళకు కూడా రెండు నెలల్లో అయిపోతుంది. మూడు అంకెలూ దగ్గరగా ఉంటే సగటు తీసి అలమార తలుపు మీద రాసిపెట్టుకోండి, మళ్ళీ వంట మార్చేదాకా అదే మీ అంకె. మూడూ దూరం దూరంగా ఉంటే మీ వంట రోజుకో రకంగా ఉందన్నమాట. అప్పుడు శాతమే వద్దు, భాగం చూసుకోండి: వండిన మొత్తంలో మీ పళ్ళెంలోకి ఎంత భాగం వచ్చిందో పచ్చి మొత్తంలో కూడా అంతే భాగం రాయండి. పెద్దాయన లెక్కలో సగం అన్నది ఇదే. దీనికి పట్టిక అక్కరలేదు, గుణకారం అక్కరలేదు.

ఇంట్లో తూయలేని రోజు, పెళ్ళి భోజనమో హోటలో అయితే, ఫోనులో cooked అని ఉన్న వరుసనే తీసుకోండి. అది మీ వంటకు కచ్చితంగా సరిపోకపోవచ్చు, కానీ వండినదాన్ని వండినదిగానే రాసినట్టవుతుంది. అన్నం సంగతి తిరగబడి ఉంటుంది, నీళ్ళు పీల్చి బరువు పెరుగుతుంది. చార్టులో దాన్ని కూడా మాంసం కిందే వేశారని ఒక అక్క చూపించారు, దాని మీద ఇంకేమీ రాయము.

ఆరోగ్య గ్రూపు చూసుకునే తమ్ముళ్ళు మంచి మనసుతోనే చేశారు, అందులో సందేహం లేదు. కానీ మన ముసలివాళ్ళు సంఘం పేరు చూసి నమ్ముతారు. కాబట్టి మేము అడిగేది రెండు. ఫ్లెక్స్ ఆర్డరు ఆపండి, గ్రూపులో ఆ చార్టు తీసేయండి. వచ్చే మీటింగుకు ఓపిక ఉన్న పది ఇళ్ళవాళ్ళు ఈ నాలుగు అంకెలు కాగితం మీద రాసి తీసుకురండి: పచ్చి బరువు, వండిన ముక్కల బరువు, ఎముక బరువు, ఎలా వండారు. చార్టు కావాలంటే మన చట్టీల్లోంచి వచ్చిన అంకెలతోనే వేద్దాం. కాటా లేనివాళ్ళు చెప్పండి, మా ఇంట్లో ఒకటి ఎక్కువ ఉంది, పంపిస్తాము.