పసుపు నీరు చెడ్డదా? నీలి నీరు మంచిదా?

కొత్తగూడలోని ఒక అపార్టుమెంటు సముదాయం నుంచి ఒక సోదరి ఇలా రాశారు: “నీటి యంత్రం అమ్మడానికి వచ్చిన ఒకాయన మేము తాగే ఆర్వో నీటిని ఒక గ్లాసులోను, తన యంత్రం ఇచ్చిన నీటిని మరో గ్లాసులోను పోశారు. రెండింటిలోనూ ఒక చిన్న సీసాలోని ద్రవాన్ని నాలుగేసి చుక్కలు వేశారు. మా నీరు పసుపు రంగుకు తిరిగింది, ఆయన నీరు నీలమైంది. ‘మీ నీటిలో ఆమ్లం ఉంది, పిల్లలకు తాగించకండి’ అన్నారు. యంత్రం ధర లక్ష రూపాయల పైమాటే. మావారు కొందామంటున్నారు. ఆ రంగులు నిజమేనా?”

రంగులు నిజమే. వాటికి చెప్పిన అర్థం మాత్రం నిజం కాదు. ఈ రెండింటి మధ్య తేడా తెలియాలంటే ఆ చిన్న సీసాలో ఏముందో తెలుసుకోవాలి. దానిపేరు సార్వత్రిక సూచిక. పదో తరగతి చదివే పిల్లలున్న ఇళ్లలో ఈ పేరు వినే ఉంటారు. ఆమ్లాలు, క్షారాలు, లవణాల పాఠంలో అది వస్తుంది.

ముందుగా మన వంటింట్లోని సూచికను చూద్దాం. పసుపు మరక పడిన గుడ్డకు సబ్బు తగిలితే మరక ఎర్రబారుతుంది. పసుపులో సున్నం కలిపినా అంతే. సబ్బులోను, సున్నంలోను ఉన్న క్షార గుణమే ఇందుకు కారణం. అయితే పసుపు ఈ ఒక్క మాటే చెప్పగలదు. దానిపై నిమ్మరసం పోసినా, పెరుగు పోసినా, మంచినీరు పోసినా అది పసుపుగానే ఉంటుంది. ఆ మూడింటిలో ఏది ఎంత పులుపో దానికి తెలియదు.

ఏ ఒక్క రంగు పదార్థానికైనా ఇదే పరిమితి. కారణం దాని అణువులోనే ఉంది. సూచికగా పనిచేసే రంగు పదార్థం సాధారణంగా తానే ఒక బలహీనమైన ఆమ్లం. దాని అణువు హైడ్రోజన్ అయానును పట్టుకుని ఉన్నప్పుడు ఒక రంగులోను, వదిలేసినప్పుడు మరో రంగులోను కనబడుతుంది. ద్రవంలో హైడ్రోజన్ అయాన్లు ఎంత దట్టంగా ఉన్నాయో చెప్పే కొలతే పీహెచ్. దీన్ని 1909లో డెన్మార్క్ శాస్త్రవేత్త సోరెన్‌సెన్ ప్రవేశపెట్టారు. పీహెచ్ ఒక అంకె తగ్గిందంటే ఆ అయాన్ల గాఢత పది రెట్లు పెరిగిందని అర్థం. ఏడు తటస్థం, అంతకు తక్కువ ఆమ్లం, ఎక్కువ క్షారం.

ప్రతి రంగు పదార్థానికీ తన అణువుల్లో సగం ఒక రూపంలో, సగం మరో రూపంలో ఉండే పీహెచ్ ఒకటి ఉంటుంది. అక్కడినుంచి పీహెచ్ ఒక అంకె తగ్గితే మొదటి రూపం పది పాళ్లు, రెండోది ఒక పాలు అవుతాయి. ఒక అంకె పెరిగితే ఆ లెక్క తారుమారవుతుంది. పది పాళ్లలో కలిసిన ఒక పాలును మన కన్ను దాదాపు గుర్తించలేదు. అందువల్ల ఏ రంగు పదార్థమైనా సుమారు రెండు అంకెల మేర మాత్రమే మారుతూ కనిపిస్తుంది. ఆ పరిధికి ఇటు ఎంత దూరం పోయినా ఒకే రంగు, అటు ఎంత దూరం పోయినా ఒకే రంగు.

ఒక్కటి చాలనప్పుడు, వేర్వేరు చోట్ల రంగు మారే కొన్నింటిని ఒకే సీసాలో కలిపితే సరిపోతుంది. జపాన్‌కు చెందిన యమడా పేరుతో ప్రసిద్ధమైన మిశ్రమం ఇలాంటిదే. అందులో ఉన్నవి నాలుగు. మిథైల్ రెడ్ సుమారు 4.4 నుంచి 6.2 మధ్య ఎరుపు నుంచి పసుపుకు మారుతుంది. బ్రోమోథైమాల్ బ్లూ 6.0 నుంచి 7.6 మధ్య పసుపు నుంచి నీలానికి మారుతుంది. థైమాల్ బ్లూ 8.0 నుంచి 9.6 మధ్య మరోసారి పసుపు నుంచి నీలానికి మారుతుంది. ఫినాఫ్తలీన్ 8.3 దాకా రంగులేకుండా ఉండి, 10 వచ్చేసరికి ముదురు గులాబీ రంగును పొందుతుంది. ఒకటి తన పని ముగించే చోట మరొకటి అందుకుంటుంది.

ఇప్పుడు పీహెచ్ నాలుగు నుంచి ఒక్కొక్క మెట్టూ ఎక్కుదాం. నాలుగు దగ్గర మిథైల్ రెడ్ ఎర్రగా ఉంటుంది, కనుక ద్రవం ఎర్రగా కనిపిస్తుంది. అయిదు దగ్గర దాని అణువుల్లో సుమారు సగం పసుపుగా మారుతాయి. ఎరుపు, పసుపు కలిసి నారింజ అవుతుంది. ఆరు దగ్గర మిథైల్ రెడ్ దాదాపు పసుపే, బ్రోమోథైమాల్ బ్లూ కూడా ఇంకా పసుపే, కనుక ద్రవం పసుపు. ఏడు దగ్గర బ్రోమోథైమాల్ బ్లూలో ఇంచుమించు సగం నీలమవుతుంది. పసుపూ నీలమూ కలిసి ఆకుపచ్చ. ఎనిమిది దగ్గర నీలం పైచేయి అవుతుంది. తొమ్మిది దగ్గర థైమాల్ బ్లూ ఆ నీలాన్ని ముదురు చేస్తుంది, ఫినాఫ్తలీన్ గులాబీ తొంగిచూస్తుంది. పది దగ్గర గులాబీ, నీలం కలిసి ఊదా రంగు వస్తుంది.

ఇక్కడ గమనించవలసినది ఒకటుంది. ఆ సీసాలో ఆకుపచ్చ రంగు పదార్థం లేదు, నారింజ లేదు, ఊదా కూడా లేదు. అవన్నీ మన కంటికి చేరేలోపు జరిగిన కలయికలే.

కాబట్టి పాళ్లు కుదరడమే ఇందులో అసలు పని. రెండు వందల మిల్లీలీటర్ల సూచికకు థైమాల్ బ్లూ 5 మిల్లీగ్రాములు, మిథైల్ రెడ్ సుమారు 12, బ్రోమోథైమాల్ బ్లూ 60, ఫినాఫ్తలీన్ 100 మిల్లీగ్రాములు తీసుకుంటారు. మిథైల్ రెడ్ ఎక్కువైతే ఏమవుతుంది? ఆరు దాటాక దాని పసుపు ఎక్కడికీ పోదు. పీహెచ్ ఎనిమిదిలో రావలసిన నీలంతో ఆ పసుపు కలిసి ఆకుపచ్చగా చూపిస్తుంది, చూసేవారు దాన్ని ఏడనుకుంటారు. అందుకే అది కొంచెం, బ్రోమోథైమాల్ బ్లూ దానికి అయిదింతలు. వీటిలో కొన్ని నీటిలో సరిగా కరగవు కనుక ముందు ప్రయోగశాలలో వాడే ఇథనాల్‌లో కరిగిస్తారు. తర్వాత సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణాన్ని ఆకుపచ్చ వచ్చేదాకా చుక్కచుక్కగా కలిపి, నీటితో రెండు వందల మిల్లీలీటర్లు చేస్తారు. రంగు పదార్థాలు స్వయంగా ఆమ్లాలు గదా, పరీక్షించే నీటిని అవే ఆమ్లం వైపు లాగకుండా ఈ జాగ్రత్త.

ఇక సోదరి ప్రశ్నకు వద్దాం. ఆర్వో యంత్రం నీటిలోని లవణాలతోపాటు బైకార్బొనేట్లను కూడా చాలావరకు తీసేస్తుంది. ఆమ్లం వచ్చి కలిసినా పీహెచ్‌ను పట్టి నిలిపేవి ఆ బైకార్బొనేట్లే. అవి పోయిన నీటిలో కరిగి ఉన్న కొద్దిపాటి కార్బన్ డయాక్సైడ్ చాలు, పీహెచ్ ఆరు దగ్గరకు దిగుతుంది. పూర్తిగా శుద్ధమైన నీరు సైతం గాలి తగులుతూ నిలిచి ఉంటే సుమారు 5.6కు చేరుతుంది. పసుపు రంగు చెప్పినది ఇంతే.

అది ఎంత ఆమ్లం? నిమ్మరసం పీహెచ్ రెండు, మూడుల మధ్య ఉంటుంది. మూడే అనుకున్నా, ఆరు దగ్గరి నీటికంటే అందులో హైడ్రోజన్ అయాన్లు వెయ్యి రెట్లు గాఢం. అదే సూచికను నిమ్మ షర్బత్‌లో వేస్తే ఎరుపు వస్తుంది. చింతపండు రసంలోనూ ఎరుపే, రసం రంగు మరుగుపరచకపోతే. సబ్బు నీటిలో వేస్తే నీలమో ఊదానో వస్తుంది. నీలం ఆరోగ్యానికి గుర్తయితే షర్బత్ మాని సబ్బు నీరు తాగవలసి ఉంటుంది! పైగా మన జీర్ణకోశంలోని ఆమ్లం నిమ్మరసం కన్నా ఘాటైనది. తాగిన నీటి రంగు అక్కడ నిలవదు.

ఆ నీలాన్ని మీరూ తెప్పించవచ్చు. సూచిక వేసిన పసుపు గ్లాసులో చిటికెడు వంటసోడా వేయండి, నీరు నీలం వైపు తిరుగుతుంది. ఇప్పుడు మరో గ్లాసులో సోడా లేని ఆర్వో నీరు పోసి, ఆకుపచ్చ వచ్చేంతవరకే సున్నపుతేట ఒకటి రెండు చుక్కలు కలిపి, గొట్టంతో మెల్లగా ఊదండి. మన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌కు అది చూస్తుండగానే పసుపవుతుంది. బోరు నీటిలో బైకార్బొనేట్లు ఎక్కువ కనుక, అదే ఊపిరికి ఆ నీరు అంత తేలికగా లొంగదు. సూచిక వేసిన నీటిని మాత్రం ఎవరూ తాగకూడదు. ఊదేటప్పుడు లోపలికి పీల్చకూడదు. పిల్లల పక్కన పెద్దలుండాలి.

రంగు చదవడంలోనూ పొరపాట్లు జరుగుతాయి. గ్లాసు గోడకు గిన్నెల సబ్బు పొర కాస్త మిగిలినా ఆర్వో నీరు నీలం చూపిస్తుంది. సంపులో కొత్తగా బ్లీచింగ్ పౌడర్ వేసి ఉంటే క్లోరిన్ రంగు పదార్థాలనే విరగ్గొడుతుంది. అప్పుడు రంగు మారడం కాదు, నిమిషాల్లో వెలిసిపోవడం కనిపిస్తుంది. వెలిసిపోతున్న రంగును చదవకూడదు. పసుపు కాంతి దీపం కింద ఆకుపచ్చకు, పసుపుకు తేడా తెలియదు. తెల్ల కాగితం ముందు, పగటి వెలుతురులో, ఆ సీసాతో వచ్చిన రంగుల పట్టీతోనే పోల్చాలి. మరో తయారీదారు పట్టీ పనికిరాదు, ఎందుకంటే మిశ్రమం వేరైతే రంగులూ వేరే. ఎంత జాగ్రత్తగా చూసినా ఈ పద్ధతి సుమారు ఒక అంకె వరకే చెబుతుంది. యమడా మిశ్రమమైతే నాలుగుకు దిగువన అంతా ఎరుపే, పదికి ఎగువన అంతా ఊదాయే.

తాగునీటికి భారత ప్రమాణం ఐఎస్ 10500 పీహెచ్ 6.5 నుంచి 8.5 వరకు ఉండాలంటుంది. ఆర్వో నీరు దీనికి కాస్త దిగువన ఉండవచ్చు. అలాంటి నీరు లోహపు గొట్టాలను, పాత్రలను మెల్లగా కరిగించగలదు, కనుక రాగి బిందెలో నిల్వ చేయకపోవడం మంచిది. చాలా యంత్రాల్లో కొంత శుద్ధిచేయని నీటిని కలిపే మర ఉంటుంది. దాన్ని సరిచేస్తే పీహెచ్ పెరుగుతుంది. అయితే లోపలికి వచ్చే నీరు సురక్షితమని తెలిసినప్పుడే ఆ మర తిప్పాలి.

అసలు భయపడవలసిన వాటి గురించి ఈ చుక్కలు ఒక్క మాట కూడా చెప్పవు. ఫ్లోరైడ్, నైట్రేట్, మురుగు కలిసినప్పుడు వచ్చే సూక్ష్మజీవులు, వీటిలో ఏది ఉన్నా నీరు చక్కని ఆకుపచ్చనే చూపగలదు. బోరు మీదా ట్యాంకర్ల మీదా ఆధారపడే కుటుంబాలు తెలుసుకోవలసింది వీటినే. అందుకు గుర్తింపు పొందిన ప్రయోగశాలకు నమూనా ఇచ్చి ఫ్లోరైడ్, నైట్రేట్, మొత్తం కరిగిన లవణాలు, కోలిఫాం బ్యాక్టీరియా ఎంతో అంకెల్లో అడగాలి. ఆ కాగితం చేతికి వచ్చాకే ఏ యంత్రం కావాలో, అసలు కావాలో వద్దో నిర్ణయించుకోవచ్చు.