నల్ల పట్టీ వేస్తే రహస్యం దాగుతుందా?

మీరు ఎప్పుడైనా తలకు సీటీ స్కాన్ తీయించుకున్నారా? అయితే మీ తల బొమ్మ ఏదో ఒక ఆసుపత్రి సమావేశ మందిరంలో తెరమీదికి ఎక్కి ఉండవచ్చు. అందులో తప్పు లేదు. అరుదైన జబ్బును, తప్పిపోయిన రోగనిర్ధారణను నలుగురు వైద్యులు కలిసి చర్చించుకోవడం వల్లనే తరువాతి రోగి బతుకుతాడు. నేను నేర్చుకున్న వైద్యంలో సగం అటువంటి సమావేశాలలో నేర్చుకున్నదే. నా ఫిర్యాదు సమావేశం మీద కాదు, అక్కడ చూపించే స్లైడ్ల మీద. వాటిలో దాచవలసిన సంగతులు బయటపడుతున్నాయి, చూపవలసిన సంగతులు దాగిపోతున్నాయి.

ఉద్యోగ విరమణ చేసిన తరువాత హైటెక్ సిటీ, మాదాపూర్, గచ్చిబౌలి ప్రాంతపు ఆసుపత్రులలో జరిగే బోధనా సమావేశాలకు నన్ను అప్పుడప్పుడు పిలుస్తుంటారు. అలాంటి ఒక సమావేశంలో మొదటి స్లైడు పడగానే నా పక్కన కూర్చున్న యువ వైద్యురాలు నా చెవిలో, "సార్, ఈ అమ్మాయి ఎవరో నాకు తెలుసు. మా అక్క ఆఫీసులోనే పనిచేస్తుంది" అన్నది. తెరమీద పేరు లేదు. పేరుండవలసిన చోట నల్ల పట్టీ ఉంది. అయినా రహస్యం అర నిమిషం కూడా నిలవలేదు.

ఆ స్లైడులోని వివరాలను ఇక్కడ తిరిగి రాస్తే అదే తప్పు నేనూ చేసినవాడినవుతాను. కనుక ఈ కింది రోగిణి నేను కల్పించినది. జబ్బు మాత్రం నిజమైనది. చెప్పబోయే తప్పులన్నీ నేను కళ్ళారా చూసినవి.

మొదటి స్లైడు ఇలా ఉందనుకోండి: "27 సంవత్సరాల అవివాహిత. సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. కొండాపూర్ నివాసి. మార్చి 11న ఆఫీసు ఆరవ అంతస్తులో మూర్ఛ వచ్చి పడిపోగా అంబులెన్సులో తీసుకువచ్చారు. ఆరు రోజులుగా తలనొప్పి, వాంతులు. మూడు నెలలుగా గర్భనిరోధక మాత్రలు వాడుతున్నది."

ఇది రాసిన వైద్యుడు పేరు, ఫోను నంబరు, ఆసుపత్రి నంబరు తీసివేశాడు కాబట్టి తన బాధ్యత తీరిందని నమ్ముతాడు. కాని రోగిని గుర్తుపట్టేది ఊరూపేరూ తెలియని అపరిచితుడు కాదు, ఆమెను ఎరిగినవాడు. ఆ ఆరవ అంతస్తులో ఆ రోజు ఉన్నవారందరికీ ఎవరు పడిపోయారో తెలుసు. వారికి తెలియనిది ఒక్కటే, మాత్రల సంగతి. తెలిసిన సంగతికి తెలియని సంగతిని స్లైడు ముడివేసి చూపింది. వేల మంది ఒకే ఆవరణలో పనిచేసి, ఒకే క్యాంటీనులో తిని, ఒకే హాస్టళ్ళలో ఉండే హైటెక్ సిటీలో ఆ ముడి ఎంత త్వరగా ఇంటిదాకా, అమ్మానాన్నల దాకా, కుదిరిన సంబంధం దాకా చేరుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు.

"అయితే మాత్రల సంగతి తీసేద్దామా?" అని అడుగుతారు. తీయకూడదు. ఈ రోగిణి జబ్బు మెదడు సిరలలో రక్తం గడ్డకట్టడం. నడినెత్తి వెంబడి ముందునుంచి వెనకకు సాగే పెద్ద సిర మూసుకుపోతే మెదడులో ఒత్తిడి పెరిగి తలనొప్పి, వాంతులు, మూర్ఛ వస్తాయి. ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలు దానికి పేరెన్నిక గన్న కారణాలలో ఒకటి. ఆ ఒక్క మాట తీసివేస్తే పాఠమే మిగలదు. కనుక రోగికి అత్యంత రహస్యమైన సంగతే ఇక్కడ వైద్యానికి అత్యవసరమైన సంగతి. అది ఉండి తీరాలి కాబట్టే తక్కినవన్నీ పోవాలి.

ప్రతి వివరానికీ ఒకే ప్రశ్న వేయండి: ఇది లేకపోతే రోగనిర్ధారణ మారుతుందా? ఉద్యోగం, నివాసం, తేదీ, అంతస్తు, పెళ్ళి అయినదీ కానిదీ, వీటిలో ఏది తీసినా జబ్బు మారదు. అప్పుడు స్లైడు ఇలా అవుతుంది: "ఇరవైలలో ఉన్న స్త్రీ. ఆరు రోజులుగా పెరుగుతున్న తలనొప్పి, వాంతులు. ఆరవ రోజున ఒక మూర్ఛ. మూడు నెలలుగా ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలు." తేదీలకు బదులు జబ్బు మొదలైన నాటినుంచి రోజులు లెక్కపెడితే చాలు. వివరాలను తీసివేయండి గాని, అబద్ధపు వివరాలు పెట్టకండి. ఇరవై ఏడును నలభై రెండు చేస్తే వినేవాడు వేరే జబ్బు ఆలోచిస్తాడు.

ఇక బొమ్మ సంగతి. చాలా స్లైడ్లలో ఉండేది స్కాన్ కాదు, వ్యూబాక్సు మీద పెట్టిన ఫిల్ముకు సెల్‌ఫోనుతో తీసిన ఫొటో. అందులో ట్యూబులైటు మెరుపు ఉంటుంది, తీసినవాడి వేలి నీడ ఉంటుంది, మూలన రోగి పేరూ ఉంటుంది. ఆ పేరు మీద పవర్‌పాయింటులో ఒక నల్ల చతురస్రం గీస్తారు. ఆ చతురస్రం బొమ్మలో భాగం కాదు, బొమ్మ మీద పెట్టిన మూత. ఒక హౌస్ సర్జన్ నా ఎదుటే ఫైలు తెరిచి, దాన్ని మౌసుతో పక్కకు జరిపి పేరు చదివాడు. కత్తిరించినా అంతే. తెరమీద కనిపించని ముక్క ఫైలులోనే ఉండిపోతుంది. Compress Pictures అన్న చోట "Delete cropped areas of pictures" ఎంచుకుంటే తప్ప అది పోదు. స్లైడు కింద రాసుకున్న నోట్సు, ఫైలుకు పెట్టిన పేరు కూడా అంతే నమ్మకద్రోహులు. ఆ ఫైలు సమావేశం ముగిసేలోగా వాట్సాప్ బృందాలలోకి వెళుతుంది.

సరైన దారి కష్టమైనదేమీ కాదు. స్కాన్లు డైకామ్ అనే ఫైళ్ళలో ఉంటాయి. బొమ్మతో పాటు రోగి పేరు, పుట్టిన తేదీ, ఆసుపత్రి పేరు అందులోనే నిక్షిప్తమై ఉంటాయి. రేడియాలజీ కంప్యూటరులో పేరు కనపడకుండా చేసి, అవసరమైన బొమ్మలను మాత్రమే సాధారణ చిత్రాలుగా దించుకోవాలి. సీటీ బొమ్మల మీద పేరును సాధారణంగా తెర రాస్తుంది కాబట్టి తీయడం తేలిక. అల్ట్రాసౌండు బొమ్మలలో పేరు చిత్రంలోనే అచ్చుపడి ఉండవచ్చు. అక్కడ ఆ ముక్కను నిజంగా తొలగించి, కొత్త చిత్రంగా భద్రపరచి, ఆ కొత్త చిత్రాన్నే స్లైడులో పెట్టాలి. తల స్కాన్ మొత్తాన్ని ఎవరికీ ఇవ్వకూడదు. సన్నని పొరలన్నీ కలిపితే ముఖం తయారవుతుంది. 2019లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు 84 మంది తల ఎమ్మారైల నుంచి ముఖాలను నిర్మించి, ముఖాలను గుర్తించే సాఫ్ట్‌వేరుకు ఇస్తే, అది 70 మందిని వారి ఫొటోలతో సరిగా జతపరచింది.

ఇప్పుడు చూపవలసినదాన్ని ఎలా దాస్తున్నారో చూడండి. మందు ఎక్కించకుండా తీసిన మామూలు సీటీలో ఈ జబ్బు మూడింట ఒక వంతు రోగులలోనే కనిపిస్తుంది. కనిపించినా తల వెనక భాగంలో, ఎముకను ఆనుకొని, ఒక చిన్న తెల్లని త్రికోణంలా కనిపిస్తుంది. మెదడును చూడడానికి వాడే మామూలు అమరికలో ఎముకా తెలుపే, గడ్డా తెలుపే. రెండూ కలిసిపోతాయి. అమరికను కొంత వెడల్పు చేస్తే ఎముక తెల్లగానే ఉండి, గడ్డ బూడిద రంగులోకి దిగి విడిగా తెలుస్తుంది. సెల్‌ఫోను ఫొటోలో ఈ పని చేయడం అసాధ్యం. అందువల్ల చెప్పేవాడు లేజరు చుక్కతో "ఇక్కడ చూడండి" అంటాడు, మేమంతా తలలు ఊపుతాం. కనబడినది ఒక్కడికీ లేదు. రేపు అత్యవసర విభాగంలో రాత్రి రెండు గంటలకు ఇదే త్రికోణం ఎదురైతే, తల ఊపిన ఆ హౌస్ సర్జనే మైగ్రేన్ మాత్ర ఇచ్చి పంపిస్తాడు.

కనుక ఒకే పొరను రెండు అమరికలలోనూ పక్కపక్కనే పెట్టాలి. మొదట బాణం గుర్తు లేకుండా, వినేవారు వెతుక్కున్న తరువాత బాణంతో చూపాలి. తరువాత మందు ఎక్కించి తీసిన సీటీ వీనోగ్రాము పెట్టాలి. అందులో సిర గోడలు వెలిగి, నడుమ గడ్డ చీకటిగా మిగిలి, ఖాళీ త్రికోణం కనిపిస్తుంది. త్రికోణపు సాంద్రతను అంకెలో చెప్పాలి. సుమారు 70 హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లు దాటితే గడ్డ అని అనుమానించాలి. కాని ఒంట్లో నీరు తగ్గినా, రక్తం చిక్కబడినా ఆ అంకె పెరుగుతుంది. కాబట్టి హెమటోక్రిట్ పక్కనే ఉండాలి. నేను చూసిన స్లైడ్లలో రోగి ఏ కంపెనీలో పనిచేస్తుందో ఉంటుంది, హెమటోక్రిట్ ఉండదు!

"పేరు లేదు కాబట్టి అనుమతి అక్కరలేదు" అనేవారికి ఒక మాట. భారత వైద్య మండలి 2002 నియమావళిలో 7.17వ నిబంధన ఉంది. రోగి గుర్తింపు తెలిసిపోయే రీతిలో ఫొటోలను, కేసు వివరాలను అనుమతి లేకుండా ప్రచురించరాదని, గుర్తింపు బయటపడకపోతే అనుమతి అక్కరలేదని అది చెబుతుంది. 2023లో వచ్చిన కొత్త నియమాలను నిలిపివేశారు కనుక 2002 నాటివే అమలులో ఉన్నాయి. ఆ నిబంధన సమావేశాల కోసం రాసినది కాదు, ప్రచురణ కోసం రాసినది. కాని వాట్సాపులో తిరిగే స్లైడుకు ప్రచురణకూ తేడా ఎంత? పైగా అందులో ఉన్న మాట "పేరు" కాదు, "గుర్తింపు". ఆరవ అంతస్తువారు గుర్తుపట్టే స్లైడు ఆ మినహాయింపు కిందికి రాదు.

"మా ముందువాళ్ళు పేర్లతోనే రాశారు కదా" అనే వాదనా విన్నాను. నిజమే. 1897లో సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమలకు రక్తమిచ్చిన రోగి హుసేన్ ఖాన్ పేరు ఈనాటికీ మనకు తెలుసు. దోమకు ఒక అణా చొప్పున పుచ్చుకున్న ఆ మనిషికి మలేరియా రహస్యం కాదు. గర్భనిరోధక మాత్రలు వాడే అవివాహితకు అది రహస్యం. రోగికి ఏది రహస్యమో వైద్యుడు నిర్ణయించరాదు.

నా తోటి వైద్యులకు ఒకే పరీక్ష సూచిస్తాను. స్లైడు తయారయ్యాక దాన్ని రోగికే చూపించి, "దీన్ని మీ ఆఫీసువాళ్ళు చూస్తే మీరేనని పోల్చుకుంటారా?" అని అడగండి. ఆమెకంటే ఆ సంగతి బాగా తెలిసినవారు లేరు. ఇక పాఠకులైన మీకు చెప్పవలసింది: చేరేటప్పుడు సంతకం పెట్టే కాగితాలలో "బోధన నిమిత్తం" అన్న పంక్తి ఉందేమో చదవండి. ఉంటే సంతకం మానవద్దు. ఆ స్లైడు వాడే ముందు నాకు చూపించాలి అని దాని కిందనే రాయండి. తలనొప్పి రోజురోజుకూ పెరుగుతూ, వాంతులు తోడైతే, మీరు వాడే మాత్రలన్నీ వైద్యుడికి దాచకుండా చెప్పండి. మీరు నిర్భయంగా చెప్పగలగాలంటే, చెప్పినది ఆ గది దాటదన్న నమ్మకం మీకు ఉండాలి. ఆ నమ్మకాన్నే ఈ నల్ల పట్టీలు కొద్దికొద్దిగా తినివేస్తున్నాయి.